తాతకు నీళ్ళంటే భయం

ఆ ఏడు వాన మా మోదుగుపల్లెను పట్టుకుని వదల్లేదు. శ్రావణంలో దిగిన ముసురు, వినాయకుణ్ణి వాగులో కలిపినా తెరిపి ఇవ్వలేదు. పత్తిచేలు ఎర్రబారాయి, ఆరేసిన బట్టలు ఆరకుండానే వాసనొచ్చాయి, ఆసిఫాబాద్ పోయే బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఊరందరికీ వాన పట్టుకుంటే, నాకు దానికి తోడు ఒక సాధువు కూడా పట్టుకున్నాడు.

ఆయన పేరు గొంగడి తాత. ఎండాకాలమైనా భుజం మీద గొంగడి దింపేవాడు కాదట, అందుకని ఆ పేరు. నేను పుట్టకముందే పోయాడు. ఊరి చివర ఆయన సమాధి ఉంది, దానిమీద రేకుల షెడ్డు ఉంది, పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాసకు వారం ముందు ఏటా ఆరాధన ఉంది. మా ఇంటికి ఆ ఆరాధన మామూలు పండుగ కాదు. ఎందుకంటే తాత చేసిన మహిమల్లో అన్నిటికన్నా పెద్దది మా ఇంట్లోనే వంట చేస్తూ, నా కూరలో ఉప్పు తక్కువైందని సణుగుతూ తిరిగేది. ఆమె మా అత్తమ్మ శంకరవ్వ.

ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి అత్తమ్మ చచ్చిపోయిందట. బొంద తవ్వడానికి మనుషులు బయల్దేరాక తాత వచ్చి, జబ్బ మీద వేలు పెట్టి, మూడుసార్లు పేరు పెట్టి పిలిస్తే లేచి కూర్చుందట. ఆ ఎడమ జబ్బ మీద రూపాయి బిళ్ళంత గుంట ఇప్పటికీ ఉంది. దాన్ని ‘తాత వేలు’ అంటారు. ఆరాధన నాడు అత్తమ్మ సమాధి పక్కన పీట మీద కూర్చుంటే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వరుసలో వచ్చి ఆ గుంటకు పసుపు పెట్టి కళ్ళకద్దుకుంటారు. జబ్బున్నవాళ్ళ మీద ఆమె చెయ్యి పడితే నయమవుతుందని నమ్మకం. ఆ ఒక్కరోజు మా అత్తమ్మ నడక మారిపోయేది, చూసి తీరాలి.

ఆరాధన కమిటీకి పెద్ద మా చిన్నమామ పరశురాములు. మా మామ పోయిన తర్వాత ఇల్లు చెదరకుండా నిలబెట్టింది ఈ తమ్ముడే. మా ఆయన అరుణ్‌కుమార్ మస్కట్‌లో ఉంటాడు కాబట్టి, నాకు పెనిమిటి ఫోన్‌లోనూ మామ అరుగు మీదా ఉంటారు. ఆ ఏడు చిన్నమామ మనసులో ఒక ముల్లు దిగింది. పక్క మండలంలోని ఒక స్వామి చరిత్ర రేడియోలో వచ్చింది.

“వాళ్ళ స్వామి రేడియోల రావట్టె, మన తాత రేకుల కింద ఉండవట్టె. నువ్వు పెండ్లికి ముందు రేడియోల జేసినవు గదా బిడ్డా, జర అడుగరాదు?” అన్నాడు.

నేను అక్కడ అప్పుడప్పుడు పిలిస్తే పోయి మాట్లాడే అనౌన్సర్‌ని, అంతే. అయినా పాత పరిచయంతో కార్యక్రమాలు చూసే మమతారాణి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె సరేనంది, కానీ షరతులు పెట్టింది.

“అరగంట. ఒకటే నీతి ఉండాలి నవీనా. అది నువ్వు నాకు ఫోన్‌లో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఎవరూ నిర్ధారించలేని మహిమలు వద్దు, పొగడ్తలు వద్దు. ఆయన నోట మాట పెట్టాలంటే, ఆ మాట చెవులారా విన్న మనిషి నీకు దొరకాలి.”

“అవన్నీ తీసేస్తే సాధువు చరిత్రలో ఏం మిగులుతది మేడం?”

“చేసిన పని మిగులుతది. అదీ మిగలకపోతే చరిత్ర రాయకు.”

చిన్నమామకు చెప్తే చెయ్యి ఊపేశాడు. ఆయనకు రేడియో అన్న మాట తప్ప ఏదీ చెవికెక్కలేదు.

మర్నాటి నుంచి అరుగు మీద కొలువు. వాన పడుతూనే ఉంది, ముసలివాళ్ళు గొడుగులు ముడుచుకుని వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. తాత వాగును రెండు పాయలు చేసి నడిచాడు. తాత ముందు నాగుబాము పడగ దించింది. తాత పిలిస్తే వాన వచ్చింది. (ఇప్పుడు పొమ్మని చెప్పేవాళ్ళు లేరు, అది మన ఖర్మ.) నేను ప్రతివాళ్ళనూ ఒకటే అడిగాను.

“మీరు చూసిండ్రా?”

“నేనెక్కడ జూసిన బిడ్డా! మా మేనమామ జూసిండట.”

“మేనమామ ఉన్నడా?”

“ఆయన పోయి మస్తు ఏండ్లాయె.”

అలా మహిమలన్నీ చచ్చిపోయిన మేనమామల దగ్గరికే చేరాయి. కానీ మధ్యమధ్యలో, చెప్పేవాళ్ళు కూడా పట్టించుకోకుండా జారవిడిచిన మాటలు కొన్ని ఉన్నాయి. భూమన్న చిన్నప్పుడు తాత వెంట అడవిదారిలో ముళ్ళకంపలు నరికాడట. వానలకు ముందు ఏటా తాతే గొడ్డలి పట్టుకుని ఆ దారి బాగుచేసేవాడట. యాదవ్వ వాళ్ళ అమ్మకు భూమి పట్టా కాకపోతే, తాత ఆమెను వెంటబెట్టుకుని కచ్చేరికి ఎన్నోసార్లు నడిచాడట. యాదవ్వ కూడా కొంగు పట్టుకుని వెంట పోయింది. వీటిని చూసినవాళ్ళు నా ఎదురుగా కూర్చుని పళ్ళెంలో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నారు.

“గిదేం చెప్పుడు బిడ్డా, గిది అందరు చేసేదే,” అంది యాదవ్వ.

“అందరు చేస్తరా?” అని అడిగాను. ఆమె కాసేపు చాయ్ వైపు చూసి, “ఎవ్వరు జెయ్యలే,” అంది.

నాకు అక్కడ దారం కొస దొరికింది. దారి నరకడం, కచ్చేరికి నడవడం, రెండూ ఒకే పని. తాత దేవుడి మీద భారం వేసి కూర్చోలేదు, లేచి నడిచాడు. దానితో కుదిరేవి ఉంచాను. కుదరనివి నిజమైనా తీసేశాను. తాత బాగా పాడేవాడన్నది నిజమే, మేకల్ని పెంచాడన్నదీ నిజమే, కానీ అరగంటలో అన్నీ చెప్తే వినేవాడికి ఏదీ మిగలదు. చుట్ట తాగేవాడన్నది, కోపమొస్తే బూతులు తిట్టేవాడన్నది మాత్రం ఉంచాను. ఏ తప్పూ లేని మనిషిని ఎవరు నమ్ముతారు?

చిన్నమామకు ఆ చుట్ట దగ్గరే కాలింది.

“తాత చుట్ట తాగిండని రేడియోల చెప్తవా? ‘దివ్యమూర్తి’ అని పెట్టుమంటిమి గదా, అదేమాయె?”

“తీసేసిన మామా. ‘దివ్య’ అంటే వినేటోళ్ళకు ఏం కనవడదు. చుట్ట అంటే మనిషి కనవడ్తడు.”

ఆయన విసుక్కుని లేచాడు. లేచేటప్పుడు ఎడమకాలు నేల మీద పూర్తిగా ఆనించలేదు. పాదానికి పాత ధోతి గుడ్డ చుట్టి ఉంది. శ్రావణంలో చేనులో పత్తికట్టె మోడు దిగిందని తెలుసు, మానిపోయిందేమో అనుకున్నాను. చిన్నమామకు చాలా ఏళ్ళుగా షుగరు. ఆ గుడ్డ దగ్గర ముసురు వాసన కాని వేరే వాసన ఏదో వచ్చింది.

“మామా, గది ఇంక మానలేదా? దవాఖానకు పోదాం పాండ్రి.”

“ఏం ఫికర్ లేదు బిడ్డా. తాత ఇబూది పెడ్తున్న. చూడు, నొప్పి గూడ లేదు. మోడు దిగినకాడ గుంజుడు గూడ లేదు, గది తాత దయ గాక మరేంది? ఆరాధన నాడు మీ అత్త చెయ్యి వడ్తది. ఇట్లనే మానిపోతది.”

నొప్పి లేదన్నందుకే నాకు భయం పట్టుకుంది. ఆ రోజు నుంచి కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ పాదం గుర్తుకొచ్చేది. రాస్తుంటే ఆయన కుంటే చప్పుడు వినబడేది. చెప్పగా చెప్పగా ఆయన నాతో మాట్లాడటమే తగ్గించాడు. అత్తమ్మను పట్టుకుని చెప్పమంటే, “ఆరాధన దగ్గరికి వచ్చె గదనే,” అంది. ఆమెకూ తన చేతి మీద అంత నమ్మకం. నేను రాయబోయే మాటల్ని ఊళ్ళో అందరికన్నా ముందు ఈ ఇద్దరూ నమ్ముతారని, ఒకరు నమ్మి చెయ్యి చాస్తారని, ఇంకొకరు నమ్మి కాలు చాస్తారని అప్పుడు నాకు అర్థమైంది. నా రాత తప్పితే ఒక కాలు పోతుంది.

సగం రాసి అత్తమ్మకు చదివి వినిపించాను. అందులో ఆమె సంగతి లేదు. చూసినవాళ్ళు దొరకలేదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలాను. ఆమె చివరిదాకా విన్నది. చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది.

“నేనేదే?”

“అత్తమ్మా, నువ్వు లేచి కూసున్నప్పుడు చూసినోళ్ళు ఎవ్వరు లేరు. వింటిమి అంటున్నరు గని…”

“నేనున్న గదా!”

“నీకు యాదికున్నదా?”

ఆమె చేతిలోని కాయను పళ్ళెంలో వేసింది. “నాకేం యాదికి లేదు,” అంది. “గని గిన్నేండ్లు అందరు గదే చెప్పిండ్రు. నా పేరు ఎవ్వరు పిలువరు. ‘తాత లేపిన పిల్ల’ అంటరు. మీ మామ గూడ గందుకే చేసుకున్నడు నన్ను. నేను సచ్చి బతుకలే అంటే, మరి నేనెవరినే?”

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ సాయంత్రం మస్కట్ నుంచి మా ఆయన ఫోన్. చిన్నమామ ముందే అంతా చేరవేశాడు.

“నవీనా, రేడియో లేకున్న మంచిదే. అవ్వను తక్కువ జేస్తే నాకు నచ్చదు,” అన్నాడు.

“నేను తక్కువ చేస్తలేను. మీ చిన్న బాపు కాలు చూసినవా వీడియోల?”

“కాలుకు దీనికి ఏం సంబంధం?”

ఎంత సంబంధమో సముద్రం అవతలి మనిషికి ఎలా చెప్పను! ఫోన్ పెట్టేశాను.

వదిలేద్దామనే అనుకున్నాను. అప్పుడు భూమన్న వచ్చి, గొడుగు దులుపుతూ, “ముత్తయ్య ఉన్నడు గదా బిడ్డా, గప్పుడు వాగు కాడ బర్లు కాసెటోడు. బిడ్డ దగ్గర జైనూర్‌ల ఉంటున్నడు. ఆయనకు తెలుస్తదేమో,” అన్నాడు. ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నా తల ఇంత వేడెక్కేది కాదు. అడగలేదు కాబట్టి చెప్పలేదట.

కెరమెరి ఘాటు మీదుగా బస్సు మబ్బుల్లోంచి పాకుతూ పోయింది. ముత్తయ్య బక్కపలచటి మనిషి, ఒక చెవి వినబడదు. అందుకని మిగిలిన చెవి పక్కన కూర్చున్నాను. తాత మహిమ చెప్పమని అడగలేదు. మేడమ్ ఎప్పుడో నేర్పింది, జవాబు ప్రశ్నలో పెట్టి అడగొద్దని. “తాతతోని ఏం పని చేసినవు?” అని మాత్రం అడిగాను.

ఆయన నవ్వాడు. “పనా? తాతను నేను వాగు దాటిచ్చిన.”

“ఎందుకు?”

“ఓ పిల్లకు చలిజరం. సోయి లేదు. ఊళ్ళె అందరు ఆశ ఇడిసిండ్రు, బొంద తవ్వబోయిండ్రు. తాత పిల్లను గొంగట్ల సుట్టుకోని ఆసిఫాబాద్ దవాఖానకు బయలెల్లిండు. వాగు నిండుగ వస్తుంది. నేను ఒడ్డు మీద సొరబుర్రలు కట్టుకోని ఉన్న, ఈత వచ్చు నాకు. తాతకు రాదు. నీకెరికేనా, తాతకు నీళ్ళంటే మా బుగులు. బాయి కాడికి గూడ పొయ్యేటోడు కాదు, చెంబుతోని పోసుకునేటోడు.”

“వాగు చూసి ఏం చేసిండు?”

“కూసోని ఏడ్చిండు.”

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆయన మళ్ళీ చెప్పాడు. “పిల్లను ఒళ్ళె వెట్టుకోని ఎక్కెక్కి ఏడ్చిండు. ‘ముత్తిగా, నాకు బుగులైతుందిరా’ అన్నడు. గంతల్నే కండ్లు తుడుసుకోని లేసిండు. ‘దేవుడు జూస్తడు గని, కాళ్ళు మనయే గదరా, నడువు’ అన్నడు.”

బయట వాన రేకుల మీద గట్టిగా కొడుతోంది. ఆ మాట కోసం నేను నెల నుంచి ఊరంతా వెతుకుతున్నాను.

“పిల్లను నా నెత్తి మీదికి ఎత్తుకున్న. తాత నా మొలతాడు వట్టుకోని కండ్లు మూసుకున్నడు. అది ఎక్కడ తెగుతదో అని నా పానం పానంల లేదు,” అని ముత్తయ్య పకపకా నవ్వాడు. “అవతలి ఒడ్డుకు పోయినంక పిల్లను గుంజుకోని ఉరికిండు. వెనుక నేను. డాక్టరు సూది ఇచ్చిండు.”

“ఎక్కడ ఇచ్చిండు?”

ఆయన తడుముకోకుండా తన ఎడమ జబ్బ చూపించాడు. “ఇగో, ఈడ. చీము వట్టి పుండయింది. శానా దినాలు దవాఖానల్నే ఉంచిండ్రు. తాత బయట అరుగు మీద పండేటోడు.”

“వాగు దాటేటప్పుడు పిల్లకు పానం ఉండెనా తాతా?”

ముత్తయ్య తన బట్టతల నడినెత్తిని తడుముకున్నాడు. “ఉండె. దాని నోరు నా మాడుకు ఆనింది. ఊపిరి ఎచ్చగ తగిలింది.”

“గిది ఊళ్ళె ఎప్పుడు చెప్పలేదా?”

“చెప్పిన. ‘నడుమ నువ్వెవడివిరా’ అన్నరు. ఇడిసిపెట్టిన.”

ఒక్క మనిషి మాట సాక్ష్యానికి సరిపోదని నాకు తెలుసు. తాత వేలి సంగతి ఆయన చెవినీ పడే ఉంటుంది కాబట్టి జబ్బ చూపించడం ఒక్కటే రుజువు కాదు. ఊరొచ్చాక హెల్త్ సెంటర్ డాక్టరమ్మను అడిగాను. ఆ కాలంలో మలేరియాకు ఇచ్చే క్వినైన్ సూది వల్ల కొందరికి చీము పట్టి, మానిన చోట గుంట పడేదని చెప్పింది. ఇది కూడా ‘అయి ఉండొచ్చు’ అనేదే తప్ప ‘అయింది’ అనేది కాదు. అందుకని రాతలో గుంట ఊసు ఎత్తలేదు. డాక్టరు పేరు, సంవత్సరం ఎవరికీ తెలియవు, అవి కల్పించలేదు. ‘చచ్చిపోయింది’ అనీ రాయలేదు, ‘చావలేదు’ అనీ రాయలేదు. ఊరు ఆశ వదులుకుంది అని రాశాను, అది నిజం. వాగు సంగతి ఎవరి నోట విన్నానో వాళ్ళ పేరు పెట్టి రాశాను. మమతారాణి మేడమ్‌కు ఫోన్ చేసి, “ఒక్క వాక్యం దొరికింది,” అని చెప్పాను.

“చెప్పు.”

“దేవుడు జూస్తడు గని కాళ్ళు మనయే.”

“రికార్డింగ్ పెట్టుకుందాం,” అంది.

కానీ రికార్డింగ్ కన్నా ముందు చదవాల్సిన చోటు మా ఇల్లు. కమిటీకి వినిపించాలని చిన్నమామే పిలిచాడు. భూమన్న, యాదవ్వ అరుగు మీద సర్దుకున్నారు. చిన్నమామ కుర్చీలో కూర్చుని, గుడ్డ చుట్టిన పాదాన్ని ఒక పీట మీద పెట్టుకున్నాడు. గుడ్డ అంచు నల్లబడింది. అత్తమ్మ నా మీద అలక తీరక, గుమ్మం లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. చదవడం మొదలుపెట్టాను. అన్నీ చిన్న చిన్న వాక్యాలు, ఊపిరి తీసుకోవడానికి జాగాలు. రేడియో వినేవాడు వెనక్కి తిప్పి వినలేడు కదా.

“‘ఆ రోజు పశువుల కాపరిగా ఉన్న ముత్తయ్య చెప్పిన సంగతి ఇది. పిల్లకు స్పృహ లేదు. ఊరు ఆశ వదులుకుంది. తాత ఆమెను గొంగట్లో చుట్టుకుని నడిచాడు. ఎదురుగా వాగు. తాతకు ఈత రాదు. నీళ్ళంటే భయం. ఒడ్డున కూర్చుని ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని లేచాడు…’”

“ఆగు,” అంది అత్తమ్మ లోపలి నుంచి.

ఆగాను. ఇక తిట్లే అనుకున్నాను.

“ఏడ్చిండా?”

“ఏడ్చిండట అత్తమ్మా.”

“నా కోసమా?”

“నీ కోసమే. నువ్వు ఒళ్ళె ఉన్నవట.”

“మళ్ళొకసారి సదువు,” అంది. చదివాను. మొలతాడు పట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం, ముత్తయ్య మాడు మీద వెచ్చని ఊపిరి, దవాఖాన అరుగు మీద పడుకున్న తాత, అన్నీ చదివాను. చివర ఆ ఒక్క మాట చదివాను.

చిన్నమామ గొంతు సవరించుకున్నాడు. “మంచిగనే ఉన్నది గని, తాత ఏడ్చిండంటే జనం ఏమనుకుంటరు? గది తీసెయ్యి. పిలిస్తే లేసింది అని…”

అత్తమ్మ లేచి బయటికి వచ్చింది. ఆయన కుర్చీ ముందు కింద కూర్చుని, పీట మీది పాదానికున్న గుడ్డ విప్పడం మొదలుపెట్టింది.

“వదినె, ఏం జేస్తున్నవ్? ఆరాధన నాడు…”

ఆమె వినలేదు. చివరి చుట్టు పుండుకు అంటుకుపోయి ఉంది. నీళ్ళు చిలకరించి మెల్లగా ఊడదీసింది. రెండు వేళ్ళు నల్లగా ఉన్నాయి. విభూతి తడిసి ముద్దయి ఉంది. యాదవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ మాత్రం ముఖం తిప్పుకోలేదు.

“నొప్పి లేదు వదినె, నిజంగ,” అన్నాడు చిన్నమామ, పిల్లాడిలా.

“చెయ్యి పెట్టుమంటవా?”

“పెట్టు.”

“నాకాడ ఏం లేదు పరశురాం,” అంది ఆమె. “నేను పెట్ట. లే, నడువు.”

తర్వాత నావైపు తిరిగి, కూరలో ఉప్పు అడిగినంత మామూలుగా, “ఆటో పిలువు,” అంది.

మంచిర్యాల పెద్ద దవాఖాన దాకా దారంతా చిన్నమామ ఒక చేత్తో అత్తమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆసిఫాబాద్ దాటాక ఉన్నట్టుండి, “బుగులైతుంది వదినె,” అని ఏడ్చాడు. అంత మీసాల మనిషి అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. డాక్టర్ పాదం చూసి మా అందరినీ కలిపి తిట్టాడు. షుగరు వల్ల నరాలు చచ్చుబడితే నొప్పి తెలియదని, నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమైతే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదట. రెండు వేళ్ళు తీసేసి కాలు దక్కించారు.

ఆరాధన చిన్నమామ లేకుండానే జరిగింది. చరిత్ర మైకులో నేనే చదివాను. తాత చుట్ట దగ్గర జనం నవ్వారు, వాగు దగ్గర చప్పుడు చేయలేదు. మహిమలు లేవని ఒకరిద్దరు గొణిగారు. “ఎవరి నమ్మకం వాళ్ళది, నేను చూసినోళ్ళు చెప్పింది చెప్పిన,” అన్నాను. జైనూర్ నుంచి ముత్తయ్యను పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టాం. అత్తమ్మ పోయి ఆయన బట్టతల మీద చెయ్యి పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు కాసేపు అలాగే నిలబడింది.

చదవడం అయ్యాక ఏం జరుగుతుందా అని చూస్తూ నిలబడ్డాను. ఎప్పటిలాగే సమాధి పక్కన పీట వేశారు. ఎప్పటిలాగే వరుస కట్టారు. నిజం చెప్పొద్దూ, వరుస కొంచెమైనా తగ్గలేదు. అత్తమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. ముందు నిలబడ్డ ఆడమనిషి చంకలో పిల్లాడు, చేతిలో పసుపు.

“ఏమైంది పిలగానికి?” అంది అత్తమ్మ.

“జరం అవ్వా.”

“ఎన్నొద్దుల సంది? దవాఖానల జూపిచ్చినవా?”

“లే అవ్వా, నీ చెయ్యి వడితే…”

“ముందు జూపిచ్చుకోని రా. గాడ హెల్త్ సెంటర్ జీపున్నది. నేనేడికి పోత? గీడనే కూసుంట.”

ఆ తల్లి జీపు వైపు వెళ్ళింది. తర్వాతి ముసలాయన చూపించుకున్నాడట, మందు చీటీ జేబులోంచి తీసి చూపించాడు. అప్పుడు అత్తమ్మ జబ్బ ముందుకు చాపి, పసుపు పెట్టనిచ్చింది. సాయంత్రం దాకా ఆ పీట మీద కూర్చుని మా అత్తమ్మ ఊరి జ్వరాలనూ దగ్గులనూ విచారించింది. ఏటా మారే ఆ నడకేం నడక! ఆ రోజు కూర్చోవడమే వేరుగా ఉంది.

ముసురు విడిచి, బతుకమ్మ పూలు పూసే నాటికి చిన్నమామ ఇంటికి వచ్చాడు. తాత చరిత్ర రేడియోలో వచ్చే రోజు మంచాన్ని వాకిట్లో వేయించుకుని విన్నాడు. చుట్ట మాట వచ్చినప్పుడు నా వైపు గుర్రుగా చూశాడు, అంతే. అయిపోయాక చాలాసేపు కట్టు మీద వేలితో నిమురుతూ కూర్చున్నాడు.

“వచ్చే ఏడు నా సంగతి గూడ అండ్ల రాయి బిడ్డా.”

“రాస్త మామా. గని చూసిన సాక్షులు కావాలె గద.”

“ఏందే నీ సాక్షులు! మీ అత్తున్నది, నువ్వున్నవు, నన్ను కడుపునిండ తిట్టిన డాక్టరున్నడు. చాలదా?”

“చాలు. మరి ఆటోల మీరు ఏడ్చింది గూడ రాయాల్నా?”

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు.

“రాయి,” అన్నాడు చిన్నమామ. “తాతనే ఏడ్చిండు. నేనెంతటోన్ని.”